అప్లై చేశాక రెజ్యూమేలో తేదీ, డిజిగ్నేషన్ తప్పని తెలిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో చాలా ఏళ్ళు హెచ్‌ఆర్ పని చూశాను. ఇప్పుడు సాయంత్రం పూట కావలి, ఒంగోలు, కందుకూరు వైపు పిల్లలు పంపే రెజ్యూమేలు చూసి పెడుతుంటాను. "అక్కా, నిన్న అప్లై చేశాను, ఇప్పుడు చూసుకుంటే తేదీ తప్పు పడింది" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. అడిగిందే అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇవి ఒకటి నుంచి ఐదేళ్ళ అనుభవంతో చెన్నై, బెంగళూరు, హైదరాబాదు ప్రైవేటు కంపెనీలకు అప్లై చేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

## మెయిల్ పంపకముందు

తప్పు చిన్నదే కదా, మెయిల్ పెట్టాలా, ఊరుకోవాలా?

ఒక చేత్తో మీ రెజ్యూమే, ఇంకో చేత్తో మీ రిలీవింగ్ లెటర్ పట్టుకుని చదివే మనిషిని ఊహించుకోండి. రెండూ చూసి ఆ మనిషి ఎక్కడైనా ఆగి పెన్నుతో సున్నా చుడితే, ఆ తప్పుకు మెయిల్ పెట్టాలి. మీ మొత్తం అనుభవాన్ని పెంచే తేదీ, రెండు ఉద్యోగాల మధ్య ఖాళీని కప్పేసే తేదీ, మీరు చేసినదానికన్నా పెద్దగా కనిపించే డిజిగ్నేషన్, ఈ మూడూ తప్పకుండా సరిచేయాల్సినవే. అనుభవం తగ్గేలా తప్పు పడినా చెప్పాలి. వెరిఫికేషన్‌లో తేడా ఎటువైపు ఉన్నా తేడా కిందే రాసుకుంటారు.

రెజ్యూమేలో నెల, సంవత్సరం మాత్రమే రాసి, మీరు 1న కాక 9న చేరి ఉంటే అది తప్పే కాదు. స్పెల్లింగ్ తప్పుకు, ఫాంటు తేడాకు మెయిల్ పెట్టకండి. అవతలివాళ్ళు రోజుకు వందల మెయిల్స్ చూస్తారు.

అసలు సరైన తేదీ ఏదో నాకే ఖచ్చితంగా తెలియదు. ఏ కాగితం చూడాలి?

ఇది తేల్చుకోకుండా మెయిల్ పెట్టవద్దు. ఒక తప్పు తేదీని తీసి ఇంకో తప్పు తేదీ పెట్టినవాళ్ళను నేను చూశాను. రెండోసారి సరిచేస్తే మూడోసారి ఎవరూ నమ్మరు.

చేరిన తేదీకి అపాయింట్‌మెంట్ లెటర్ చూడండి. మానేసిన తేదీకి రిలీవింగ్ లెటర్ చూడండి. అందులో "ఫలానా తేదీ పనివేళలు ముగిసేసరికి విధుల నుంచి విడుదల చేశాం" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. ఆ తేదీయే మీ చివరి పనిదినం. లెటర్ పైన కుడిపక్క ఉండేది ఆ లెటర్ ఇచ్చిన తేదీ. చాలామంది పొరపాటున దాన్ని రాసేసుకుంటారు. రాజీనామా ఇచ్చిన రోజు, సెటిల్‌మెంట్ డబ్బులు బ్యాంకులో పడిన రోజు కూడా చివరి పనిదినం కావు.

తర్వాత పీఎఫ్‌తో సరిచూసుకోండి. `unifiedportal-mem.epfindia.gov.in` లో యూఏఎన్‌తో లాగిన్ అయి `View` కింద `Service History` నొక్కితే ప్రతి కంపెనీకీ చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. వెరిఫికేషన్ చేసేవాళ్ళు కూడా తరచూ ఈ పేజీయే అడుగుతారు. కొన్ని కంపెనీలు మనిషి చేరిన కొన్ని నెలలకు గాని పీఎఫ్‌లో చేర్చవు. కాబట్టి అక్కడి తేదీ మీరు చేరిన తేదీ కన్నా తర్వాతిదై ఉండవచ్చు. అలాంటప్పుడు రెజ్యూమేలో అపాయింట్‌మెంట్ లెటర్ తేదీయే ఉంచండి. మొదటి నెల జీతం బ్యాంకులో పడిన స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకుంటే, తేడా ఎందుకు వచ్చిందో అడిగినప్పుడు చూపించవచ్చు.

నేను పనిచేసింది చిన్న సంస్థ. అపాయింట్‌మెంట్ లెటరూ లేదు, పీఎఫూ లేదు. ఏం చేయాలి?

ఇరవై మంది కన్నా తక్కువ ఉన్న సంస్థలకు మామూలుగా పీఎఫ్ తప్పనిసరి కాదు. అందుకే రైస్ మిల్లుల్లో, చిన్న గ్రానైట్ యూనిట్లలో, రొయ్యల చెరువుల ఆఫీసుల్లో పనిచేసిన చాలామందికి సర్వీస్ హిస్టరీ ఖాళీగా కనిపిస్తుంది. అది మీ తప్పు కాదు. యజమానిని కలిసి లెటర్‌హెడ్ మీద ఒక అనుభవ పత్రం అడగండి. చేరిన తేదీ, మానేసిన తేదీ, డిజిగ్నేషన్, కింద సంతకం, ముద్ర, ఫోన్ నంబరు ఉంటే సరిపోతుంది.

అడిగే ముందు మీ బ్యాంకు స్టేట్‌మెంట్లో జీతం మొదట పడిన నెల, చివర పడిన నెల చూసుకుని వెళ్ళండి. యజమానులు అభిమానంతో "రెండేళ్ళు చేశావు కదా, రెండేళ్ళు రాసిస్తాలే" అంటారు. లెటర్లో రెండేళ్ళు, స్టేట్‌మెంట్లో పందొమ్మిది నెలలు ఉంటే ఇబ్బంది పడేది మీరే. చేతికి నగదు ఇచ్చేవాళ్ళయితే హాజరు పుస్తకంలో మీ పేరు మొదట ఏ నెలలో ఉందో చూపించమని అడగండి.

మా ఓనరు నన్ను మేనేజర్ అనేవారు, అందరూ అలాగే పిలిచేవాళ్ళు. లెటర్లో మాత్రం అకౌంట్స్ అసిస్టెంట్ అని ఉంది. నేను మేనేజర్ అని పెట్టాను. ఇది తప్పేనా?

తప్పే, సరిచేయండి. మన వైపు చిన్న సంస్థల్లో బిల్లులు రాసేది, బ్యాంకుకు వెళ్ళేది, లారీ లోడింగ్ చూసేది, కూలీలకు డబ్బులు ఇచ్చేది ఒక్కరే. అందుకని అందరూ "మేనేజర్ గారూ" అంటారు. మీరు ఆ పని చేశారనడంలో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ వెరిఫికేషన్‌కు ఫోన్ వస్తే అదే ఓనరు రిజిస్టరు తీసి అందులో ఉన్నదే చదివి చెబుతారు.

డిజిగ్నేషన్ దగ్గర లెటర్లో ఉన్న మాటే పెట్టి, ఆ కింద చేసిన పని రాయండి: "ముగ్గురు సిబ్బంది పని పర్యవేక్షణ, రోజువారీ నగదు లెక్కలు, నెలనెలా జీఎస్టీ రిటర్నులకు వివరాలు సిద్ధం చేయడం." అసిస్టెంట్ అన్న పేరు కింద ఇంత పని కనిపిస్తే చదివేవాళ్ళు దాన్ని గమనిస్తారు. హెచ్‌ఆర్‌లో ఉండగా నేను అలాంటి రెజ్యూమేలను పక్కకు తీసి పెట్టుకునేదాన్ని.

పొరపాటు కాదు. కావాలనే ఆరు నెలలు పెంచి రాశాను. ఇప్పుడు భయమేస్తోంది.

అయినా మెయిల్ పెట్టండి, కానీ "టైపింగ్ పొరపాటు" అని మాత్రం రాయకండి. ఒక అబద్ధాన్ని దిద్దడానికి రెండోది రాసినట్టవుతుంది. "నేను పంపిన రెజ్యూమేలో ఈ తేదీ సరైనది కాదు, సరైనది ఇది" అంటే చాలు. కారణం అడిగితే నిజం చెప్పండి.

ఆ అవకాశం పోవచ్చు, ఆ మాట దాచను. కానీ ఇంటర్వ్యూకు ముందు పోతే ఒక్క అవకాశమే పోతుంది. చేరిన మూడు నెలలకు బయటపడితే ఉన్న ఉద్యోగమూ పోతుంది, రిలీవింగ్ లెటరూ రాదు. పాత ఉద్యోగం ఎప్పుడో వదిలేసి ఉంటారు.

## మెయిల్ రాసేటప్పుడు

ఎవరికి పంపాలి? నాకు వచ్చింది ఆటోమేటిక్ మెయిలే.

`no-reply` అని మొదలయ్యే చిరునామాకు జవాబిస్తే ఎవరూ చదవరు. మీకు ఫోన్ చేసిన హెచ్‌ఆర్ ఉంటే ఆమెకే పంపండి. ఎవరూ ఫోన్ చేయకపోతే ఉద్యోగ ప్రకటనలో గాని, కంపెనీ వెబ్‌సైట్ కెరీర్స్ పేజీలో గాని ఉన్న మెయిల్‌కు అప్లికేషన్ నంబరు వేసి పంపండి.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్ళినవాళ్ళు ముందు కన్సల్టెంట్‌కు చెప్పాలి. చాలా కన్సల్టెన్సీలు మీ రెజ్యూమేను తమ ఫార్మాట్‌లోకి మార్చి కంపెనీకి పంపుతాయి. మీరు నేరుగా కంపెనీకి రాసినా వాళ్ళ దగ్గరున్న కాపీలో పాత తేదీయే ఉంటుంది. "మార్చి పంపాక నాకు ఒక మాట చెప్పండి సార్" అని అడగండి. తెలిసినవాళ్ళు రిఫర్ చేసి ఉంటే వాళ్ళకూ ఫోన్ చేయండి. వాళ్ళు తమ పేరు పెట్టి పంపించారు కదా.

మెయిల్ ఎలా రాయాలి? ఒక నమూనా చూపిస్తారా?

కావలి అబ్బాయి ఒకడి సంగతి చెబుతాను. చెన్నైలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు గురువారం అప్లై చేశాడు. శనివారం రాత్రి సర్టిఫికెట్ల ఫైలు సర్దుకుంటుంటే రిలీవింగ్ లెటర్ కంటబడింది. రెజ్యూమేలో మొదటి ఉద్యోగం "మార్చి 2021 నుంచి జూన్ 2023, సీనియర్ అకౌంటెంట్" అని ఉంది. లెటర్లో మాత్రం చేరింది 15 మార్చి 2021, చివరి పనిదినం 28 ఏప్రిల్ 2023, డిజిగ్నేషన్ అకౌంట్స్ అసిస్టెంట్.

ఎలా జరిగిందని కూర్చోబెట్టి అడిగాను. సెటిల్‌మెంట్ డబ్బులు జూన్‌లో పడ్డాయి, ఆ నెలే గుర్తుండిపోయింది. సీనియర్ అకౌంటెంట్ అన్నది రెండో ఉద్యోగం డిజిగ్నేషన్. ఆ పేరా కాపీ చేసి మొదటి ఉద్యోగం కింద అతికించి, కంపెనీ పేరు మార్చాడు గాని డిజిగ్నేషన్ మార్చడం మరిచిపోయాడు. రెండూ నిజమైన పొరపాట్లే. కానీ బయటి మనిషికి కనిపించేది వేరు. రెండో ఉద్యోగంలో చేరింది 3 జూలై 2023. జూన్ అని రాస్తే మధ్యలో ఖాళీయే లేదు, ఏప్రిల్ అని రాస్తే మే, జూన్ రెండు నెలలు ఖాళీ. పైగా డిజిగ్నేషన్ కూడా పెరిగింది. చూసేవాళ్ళకు రెండు తప్పులూ ఒకే దిక్కుకు మొగ్గినట్టుంటాయి.

వాడు మొదట రాసుకొచ్చిన మెయిల్ పద్నాలుగు లైన్లు ఉంది. నాన్నగారి ఆపరేషన్, ఊళ్ళో కరెంటు పోవడం, ఫోన్లో ఫైల్ ఎడిట్ చేయాల్సి రావడం, అన్నీ రాశాడు. అసలు తేదీ పదకొండో లైనులో ఉంది. అది పక్కనపెట్టి ఇద్దరం కలిసి రాసింది ఇది. పంపింది ఇంగ్లీషులో, క్రమం మాత్రం ఇదే:

> సబ్జెక్టు: రెజ్యూమేలో సవరణ, అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టు, అప్లికేషన్ నంబరు, పేరు
>
> నమస్కారం మేడమ్,
>
> అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు గురువారం నేను పంపిన రెజ్యూమేలో మొదటి ఉద్యోగం వివరాలు రెండు తప్పు పడ్డాయి.
>
> చివరి పనిదినం: జూన్ 2023 అని ఉంది. సరైనది 28 ఏప్రిల్ 2023.
> డిజిగ్నేషన్: సీనియర్ అకౌంటెంట్ అని ఉంది. సరైనది అకౌంట్స్ అసిస్టెంట్.
>
> దీంతో ఆ ఉద్యోగంలో నా అనుభవం 2 ఏళ్ళ 3 నెలలు కాక 2 ఏళ్ళ 1 నెల అవుతుంది. మిగతా వివరాల్లో మార్పు లేదు. సరిచేసిన రెజ్యూమే, ఆ కంపెనీ రిలీవింగ్ లెటర్ జతచేశాను. పాత కాపీ బదులు దీన్ని తీసుకోవలసిందిగా కోరుతున్నాను. పొరపాటుకు క్షమించండి.
>
> పేరు, ఫోన్ నంబరు

తప్పు, ఒప్పు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి హెచ్‌ఆర్ పాత ఫైలు తెరిచి వెతుక్కోనక్కర్లేదు. అనుభవం ఎంత తగ్గిందో వాడే లెక్క కట్టి చెప్పాడు. ఆ లైను రాయడానికి వాడికి మనసు ఒప్పలేదు, "మనమే ఎందుకు చెప్పుకోవడం అక్కా" అన్నాడు. చెప్పకపోతే ఆమే లెక్క కట్టుకుంటుంది, అప్పుడు దాచాడనిపిస్తుంది. రెజ్యూమే మొదట్లో ఉండే పరిచయ వాక్యంలో మొత్తం అనుభవం రాసి ఉంటే అదీ మార్చాలి. తేదీ దిద్ది ఆ వాక్యం వదిలేయడం చాలామంది చేసే పని.

సోమవారం మధ్యాహ్నం ఒక్క లైను జవాబు వచ్చింది, రికార్డులో మార్చుకున్నామని. ఇంటర్వ్యూలో ఆ రెండు నెలలు ఏం చేశావని అడిగారు. ఉద్యోగం వెతుక్కున్నానని చెప్పాడు. అంతటితో ఆ విషయం వదిలేసి జీఎస్టీ ప్రశ్నల్లోకి వెళ్ళారు.

సరిచేసేటప్పుడే రెజ్యూమేను కాస్త బాగుచేసి పంపవచ్చా?

వద్దు. "మిగతా వివరాల్లో మార్పు లేదు" అన్న మాట నిజం కావాలి. కొత్త స్కిల్ చేర్చినా, వాక్యాలు మార్చినా, రెండు ఫైళ్ళు పక్కన పెట్టి చూసినవాళ్ళకు తేదీ ఒక్కటే మారలేదని తెలిసిపోతుంది. పాత ఫైలే తీసుకుని తప్పు ఉన్న చోట మాత్రమే దిద్ది పీడీఎఫ్ చేయండి. ఫైలు పేరు చూడగానే తేడా తెలియాలి, ఇలా:

```
Ravi_K_Resume_Corrected.pdf
```

పేరు అలాగే ఉంచి పంపితే డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో పాతదేదో కొత్తదేదో వాళ్ళకు తెలియదు.

పోర్టల్‌లో ఎడిట్ ఆప్షన్ లేదు. విత్‌డ్రా చేసి మళ్ళీ అప్లై చేయనా?

తొందరపడకండి. ఒకసారి విత్‌డ్రా చేస్తే అదే పోస్టుకు మళ్ళీ అప్లై చేయనివ్వని పోర్టళ్ళు ఉన్నాయి. ముందు మెయిల్ పంపి, "మళ్ళీ అప్లై చేయమంటే చేస్తాను" అని ఒక ముక్క రాయండి. అలాగే నౌకరీ, లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్ళలో అదే తప్పు ఉంటే ఆ రోజే మార్చండి. ప్రొఫైల్ మార్చినంత మాత్రాన కంపెనీకి చేరిన ఫైలు మారిపోయిందనుకోవద్దు, మెయిల్ విడిగా పంపాల్సిందే.

గవర్నమెంట్ పోస్టుకు అప్లై చేసినప్పుడు కూడా మెయిల్ పెడితే సరిపోతుందా?

సరిపోదు. ఏపీపీఎస్సీ, ఎస్సెస్సీ లాంటి వాటిలో నోటిఫికేషన్‌లో చెప్పిన సవరణ గడువులో, వాళ్ళ వెబ్‌సైట్‌లోనే మార్చుకోవాలి. నోటిఫికేషన్ మళ్ళీ చదివి ఆ తేదీలు చూసుకోండి. ఏ వివరాలు మార్చనిస్తారో కూడా అందులోనే ఉంటుంది.

## పంపిన తర్వాత

నాలుగు రోజులైంది, జవాబు లేదు. మళ్ళీ పంపాలా?

అక్కర్లేదు. ఇలాంటి మెయిల్స్‌కు చాలామంది జవాబివ్వరు, ఫైలు మార్చుకుని ఊరుకుంటారు. మెయిల్ వెనక్కి రాకుండా వెళ్ళిందో లేదో మాత్రం చూసుకోండి. సెంట్ ఫోల్డర్‌లోంచి దాన్ని తీసేయకండి. ఫలానా తేదీన మీ అంతట మీరే చెప్పారనడానికి అదే రుజువు. వాట్సాప్‌లో మాట్లాడే హెచ్‌ఆర్ అయినా మెయిల్ తప్పనిసరి. "మేడమ్, మెయిల్‌లో ఒక సవరణ పంపాను" అని వాట్సాప్‌లో ఒక మాట పెడితే చాలు.

ఇంటర్వ్యూలో వాళ్ళ చేతిలో పాత ప్రింటే ఉంది. ఎప్పుడు చెప్పాలి?

మీ గురించి చెప్పమని అడగగానే, మొదటి మాటగా చెప్పండి. "సార్, మొదటి ఉద్యోగం తేదీలో ఒక సవరణ మెయిల్ చేశాను. మీ దగ్గరున్నది పాత కాపీ అనుకుంటాను. సరిచేసినది ఇదిగో సార్" అని ప్రింటు అందించండి. రెండు ప్రింట్లు తీసుకెళ్ళండి. ప్యానెల్లో సాధారణంగా ఒకరి కన్నా ఎక్కువమంది ఉంటారు. వాళ్ళు అడిగేదాకా ఆగితే అదే విషయం సంజాయిషీలా వినిపిస్తుంది.

## ఆఫర్ వచ్చాక

ఆఫర్ లెటర్ వచ్చింది. వెరిఫికేషన్ ఫారం నింపుతుంటే తప్పు కనబడింది. ఇప్పుడెలా?

ఫారంలో నిజమైన తేదీ, నిజమైన డిజిగ్నేషన్ మాత్రమే రాయండి. రెజ్యూమేతో కలవాలని తప్పునే మళ్ళీ రాస్తే, సంతకం పెట్టి అబద్ధం చెప్పినట్టవుతుంది. తప్పుడు సమాచారం ఇస్తే ఆఫర్ రద్దు చేయవచ్చన్న షరతు చాలా ఆఫర్ లెటర్లలో ఉంటుంది. ఫారం పంపేముందు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి: రెజ్యూమేలో ఇలా ఉంది, సరైనది ఇది, ఫారంలో సరైనదే రాస్తున్నాను, లెటర్ జతచేశాను.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతాను. హెచ్‌ఆర్ దగ్గర నుంచి "ఫర్వాలేదు, ముందుకు వెళ్ళండి" అని రాతపూర్వకంగా వచ్చేదాకా ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. ఫోన్లో చెప్పారని ఆగకుండా పేపర్లు వేసి, తర్వాత రెండూ లేకుండా ఇంట్లో కూర్చున్న అమ్మాయి ఒకరు నాకు తెలుసు. అవసరమైతే జాయినింగ్ తేదీని వారం తర్వాతకు మార్చమని అడగండి.

రెజ్యూమే కరెక్టే, పీఎఫ్‌లోనే తేదీ తప్పుంది. దీనికీ సవరణ మెయిల్ పంపాలా?

రెజ్యూమే మార్చకండి. పీఎఫ్‌లో ఈ తేడా ఉందని, సరిచేయిస్తున్నానని, లెటర్ జతచేసి హెచ్‌ఆర్‌కు ముందే చెప్పండి. పాత కంపెనీ మానేసిన తేదీ అసలు వేయకపోతే, చివరి నెల పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత మీరే మెంబర్ పోర్టల్‌లో `Manage` కింద `Mark Exit` లో వేసుకోవచ్చు. అక్కడ వేసే తేదీ రిలీవింగ్ లెటర్లో ఉన్నదేనని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తేదీ వేసి ఉండి అది తప్పయితే, దాన్ని దిద్దమని కోరే జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి. కొందరికి దీనికి పాత కంపెనీ ఆమోదం కూడా కావాలి. దానికి సమయం పడుతుంది. పెట్టిన రోజు వచ్చే రసీదు కాపీని కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కు పంపండి, వెరిఫికేషన్ ఫైల్లో పెట్టుకుంటారు.